వెనక పేజీల నుంచి ఇరవై నిమిషాలు

మీ చేతిలో ప్రాజెక్ట్ రిపోర్టు పెట్టి "ఒకసారి చూసి చెప్పన్నా" అని ఎవరైనా అంటే, ముందు గడియారం చూసుకోండి. ఇరవై నిమిషాలు చాలు. అంతకంటే ఎక్కువసేపు కూర్చుంటే మీరు అచ్చుతప్పులు దిద్దడం మొదలుపెడతారు, పేరు బాలేదంటారు, ప్యాకెట్టు రంగు మార్చమంటారు. పద్నాలుగు చిన్న తప్పులు పట్టి, ప్లాన్‌ని ముంచే ఒక్క తప్పును వదిలేసే ప్రమాదం అక్కడే ఉంది. మనకు కావలసింది ఆ ఒక్కటి.

ప్రతి ప్లానూ ఏదో ఒక అంకె మీద నిలబడి ఉంటుంది. మిగతా పేజీలన్నీ ఆ అంకెను గుణించీ భాగించీ రాసినవే. ఆ అంకె ఏదో కనిపెట్టి, దాన్ని కాగితం బయట ఉన్న వస్తువుతో సరిచూడటమే ఈ అధ్యాయంలో చెప్పే పద్ధతి. దీన్ని మాటల్లో చెబితే గాలిలో ఉంటుంది కాబట్టి ఒక ప్లాన్‌ని ముందు పెట్టుకుని చదువుదాం. మదనపల్లె చుట్టుపక్కల టమోటా మీద రాసే రిపోర్టుల మాదిరిగా నేను కూర్చిన నమూనా ఇది. ఏ ఒక్కరిదీ కాదు. అంకెలు మాత్రం ఇలాంటి రిపోర్టుల్లో కనిపించే తరహావే.

ప్లాన్ ఇది. కుప్పం కుర్రవాడు ఒకడు మదనపల్లె దగ్గర షెడ్డు అద్దెకు తీసుకుని టమోటా పొడి తయారు చేస్తాడు. రోజుకు వెయ్యి కిలోల కాయ, కిలో 8 రూపాయలు. పొడి రోజుకు 100 కిలోలు వస్తుంది, కిలో 300 రూపాయలకు అమ్ముతాడు. కూలీలకు 4,000, కరెంటుకు 2,000, ప్యాకింగూ చిల్లర ఖర్చులకూ 1,000. అంటే రోజుకు 30,000 రాబడి, 15,000 ఖర్చు, 15,000 మిగులు. ఏడాదికి 300 రోజులు, 45 లక్షల లాభం. మొత్తం పెట్టుబడి 25 లక్షలు. అందులో అతని వాటా రెండున్నర లక్షలు, మిగతాది బ్యాంకు అప్పు. స్పైరల్ బైండింగ్, మీద రంగుల టమోటా బొమ్మ, చివర ఆడిటర్ ముద్ర.

మొదటి మూడు నిమిషాలు: ఏది చదవకూడదో

ముందు పేజీలు తిప్పేయండి. టమోటాలో లైకోపీన్ ఉందనీ, మదనపల్లె మార్కెట్ ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటనీ, 2018-19 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన 'ఆపరేషన్ గ్రీన్స్' కింద చిత్తూరు, అనంతపురం జిల్లాలను టమోటా క్లస్టర్లుగా తీసుకున్నారనీ అక్కడ రాసి ఉంటుంది. అన్నీ నిజాలే. కానీ అవన్నీ పక్క షెడ్డువాడి రిపోర్టులో కూడా నిజాలే. అందరికీ వర్తించే నిజం ఈ ఒక్క ప్లాన్ నిలబడుతుందా లేదా అన్నది చెప్పదు.

లాభనష్టాల పట్టికలు కూడా ఇప్పుడే వద్దు. బ్యాంకు కోసం రాసే రిపోర్టు చాలాసార్లు వెనక నుంచి ముందుకు రాస్తారు. అప్పు తీర్చే శక్తిని చూపే డి.ఎస్.సి.ఆర్. ఒకటిన్నర దాటాలని బ్యాంకువాళ్ళు చూస్తారని రాసేవాళ్ళకు తెలుసు. అందుకే ముందు ఆ నిష్పత్తి పెట్టుకుని, దానికి సరిపోయే అమ్మకాలు అల్లుకుంటూ వస్తారు. మొదటి ఏడాది 60 శాతం సామర్థ్యం, రెండో ఏడాది 70, మూడో ఏడాది 80 అని కనిపిస్తే అది అంచనా కాదు, టైపు చేసినవాడి అలవాటు. ఇటుక బట్టీకీ అదే, బ్యూటీ పార్లర్‌కీ అదే.

మీకు కావలసినవి రెండే. ఒకటి 'అంచనాలు' అనే పేజీ. అది సాధారణంగా వెనక్కి ఉంటుంది, సగం పేజీ కూడా ఉండదు. రెండోది యంత్రాల కొటేషన్. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకోండి, ఒక తెల్లకాగితం తీసుకోండి. అంచనాల పేజీ రాసినవాడి ఊహ అయితే, కొటేషన్ మాత్రం అమ్మేవాడు ఇచ్చిన కాగితం. ఈ రెంటికీ పొత్తు కుదరకపోవడమే మీకు దొరికే మొదటి ఆధారం.

మన నమూనాలో కొటేషన్ ఏం చెబుతోంది? ట్రే డ్రైయర్, ఒక్కో విడతకు 200 కిలోల ముక్కలు, ఒక విడత ఆరడానికి పది పన్నెండు గంటలు. రాత్రీ పగలూ నడిపినా రోజుకు రెండు విడతలు, 400 కిలోలు. అంచనాల పేజీలోనేమో వెయ్యి కిలోలు. మూడు నిమిషాలు కాకముందే ప్లాన్‌లో సగానికి పైగా పోయింది. అయినా ఇక్కడ ఆగిపోవద్దు. ఇది డబ్బుతో బాగయ్యే తప్పు, ఇంకో రెండు డ్రైయర్లు కొంటే సరిపోతుంది. డబ్బుతో బాగవని తప్పు ఏదైనా ఉందా అన్నది మనకు కావాలి.

కొటేషన్‌లో ఇంకొక వింత కూడా ఉంది. యంత్రాల జాబితాలో 'పొట్టు తీసే యంత్రం' అని ఉంది. టమోటా పొడికి పొట్టు తీసే యంత్రం ఎందుకు? దాన్ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఏడు నిమిషాలు: ఒక్క కిలో

ఇరవై నిమిషాల్లో ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. ఏడాది లెక్కను పక్కన పెట్టి, ఒక్క కిలో సరుకు ఎలా తయారవుతుందో రాయండి. లోపలికి ఏం పోయింది, బయటికి ఏం వచ్చింది, మధ్యలో ఏం పోయింది. లక్షల్లో దాక్కున్న అబద్ధం కిలోలో దాక్కోలేదు.

టమోటాలో వందకు 95 పాళ్ళు నీళ్ళే. గట్టి కాయైతే 94. ఇది ఆహార శాస్త్రం పుస్తకంలో ఉన్న సంగతే అయినా, ఇంట్లో ఒరుగులు పెట్టే ఏ అవ్వనడిగినా తన మాటల్లో చెబుతుంది: తట్టెడు కాయ పిడికెడు అవుతుందని. వెయ్యి కిలోల కాయ కొంటే అందులో కుళ్ళు, పగుళ్ళు, తొడిమలు పోగా 900 కిలోలు ముక్కలవుతాయి. అందులో నీళ్ళు కానిది వందకు అయిదు చొప్పున 45 కిలోలు. పొడిలో కూడా కాస్త తేమ మిగులుతుంది, అయిదు శాతం అనుకుందాం. అప్పుడు వచ్చేది 47 కిలోలు. కాయ గట్టిది, వందకు ఆరు పాళ్ళు పదార్థం ఉందని ఒప్పుకున్నా 57 కిలోలు దాటదు. ప్లాన్‌లో రాసింది 100.

ఈ ఒక్క తేడాతో ఏమవుతుందో చూడండి. 47 కిలోలను 300 చొప్పున అమ్మితే 14,100 రూపాయలు. ఖర్చు 15,000. రోజుకు 15,000 లాభమన్న ప్లాన్ రోజుకు 900 నష్టమైంది. ఇంతవరకూ ధర తగ్గించలేదు, కూలి పెంచలేదు, అమ్మకం అనుమానించలేదు. అతను చెప్పినవన్నీ ఒప్పుకుని, ప్రకృతి ఒప్పుకోని ఒక్క అంకెను మాత్రమే మార్చాం.

పది శాతం అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది? పొట్టు తీసే యంత్రం ఇప్పుడు గుర్తు చేసుకోండి. ఉల్లిపాయకు పొట్టు తీయాలి. ఉల్లిపాయలో నీళ్ళు పోగా వందకు పది పన్నెండు పాళ్ళ పదార్థం ఉంటుంది, కాబట్టి ఉల్లిపొడి రిపోర్టులో పది శాతం తప్పు కాదు. ఎవరి కోసమో రాసిన ఉల్లి ఫైలులో పేరు మార్చి టమోటా అని పెట్టారు. మార్చడం మరిచిన చోట యంత్రం మిగిలిపోయింది. రిపోర్టులు చదవడం అలవాటైతే ఇలాంటి అతుకులు చూడగానే తెలుస్తాయి. ఊరి పేరు ఒక పేజీలో ఒకటి, మరో పేజీలో ఇంకొకటి ఉంటుంది. లీటర్లలో మొదలైన సరుకు కిలోల్లో ముగుస్తుంది. అతుకు కనిపించిన చోటల్లా దాని పక్కనున్న అంకెను అనుమానించండి.

ఇదే కిలో లెక్కలో కరెంటు కూడా చూద్దాం. 900 కిలోల ముక్కలు 47 కిలోల పొడి కావాలంటే 850 కిలోలకు పైగా నీళ్ళు ఆవిరి కావాలి. ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికి హీటరుతో ఆరబెట్టే ఎంత గొప్ప యంత్రమైనా 0.63 యూనిట్ల వేడి పెట్టక తప్పదు. అది భౌతికశాస్త్రం, బేరానికి లొంగదు. అంటే కనీసం 537 యూనిట్లు. వేడిలో సగం గాలిలో కలిసిపోతుంది కనుక వాస్తవంలో వెయ్యికి పైనే అవుతుంది. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే రోజుకు ఏడున్నర వేలు. ప్లాన్‌లో 2,000 రాశారు. ఏ నష్టమూ లేని హీటరు యంత్రం ప్రపంచంలో ఉందనుకున్నా 3,760 అవుతుంది. ఇప్పుడు మొత్తం ఖర్చు 20,500. ఈ ఖర్చు రావాలంటే 47 కిలోల పొడిని కిలో 436 రూపాయలకు అమ్మాలి, అదీ లాభం లేకుండా, అప్పు కంతు కట్టకుండా.

కట్టెలతోనో సోలార్ డ్రైయర్‌తోనో ఆరబెడితే కరెంటు బిల్లు తగ్గుతుంది, నిజమే. కానీ రోజుకు 850 లీటర్ల నీళ్ళు ఆవిరి చేయడానికి ఎంత స్థలం కావాలి, మబ్బు పట్టిన రోజు ఏం చేస్తారు అని ప్లాన్‌లో మళ్ళీ మొదటి నుంచి రాసుకోవాల్సి వస్తుంది. నీళ్ళు మాత్రం తగ్గవు.

టమోటా కాకపోయినా ఈ పద్ధతి ఇలాగే పనిచేస్తుంది. ఈ మధ్య పుంగనూరు ఆవు నెయ్యి అని ప్లాన్లు వస్తున్నాయి. ఈ జాతి పాలలో వెన్న ఎనిమిది శాతం ఉంటుందని చెబుతారు. ఒప్పుకుందాం. రోజుకు మూడు లీటర్లిచ్చే ఆవు పాలలో ఉన్న మొత్తం కొవ్వు పావు కిలో లోపే. దూడ తాగేది, వెన్న తీసేటప్పుడు పోయేది, ఆవు వట్టిపోయిన నెలలు ఇంకా తీయలేదు. ప్లాన్‌లో ఆవుకు రోజుకు అర కిలో నెయ్యి అని ఉంటే ఇక ముందుకు చదవక్కర్లేదు. పాలెంతిస్తుందో అనుమానంగా ఉంటే, ఈ జాతిని పెంచుతున్న పలమనేరు పశు పరిశోధన స్థానంలో అడగొచ్చు. అమ్మేవాడి వీడియోలో మాత్రం అడగొద్దు.

నాలుగు నిమిషాలు: ఎంతకి చస్తుంది?

కిలో లెక్క బాగుంది అనుకుందాం. ఇప్పుడు ప్లాన్‌కి చావు ధర కట్టండి. ఏ అంకె ఎంత మారితే లాభం సున్నా అవుతుందో చూడటమే ఇది. ఇందులో ప్లాన్ రాసినవాడి అంకెలనే వాడాలి, మన అంకెలు కాదు. అప్పుడు వాదన ఉండదు.

అతని లెక్క ప్రకారమే రోజుకు 15,000 మిగులు, వెయ్యి కిలోల కాయ. కాయ ధర ఒక్క రూపాయి పెరిగితే వెయ్యి రూపాయల మిగులు పోతుంది. పదిహేను రూపాయలు పెరిగితే సున్నా. అంటే కిలో కాయ 23 రూపాయలైన రోజు ఈ ఫ్యాక్టరీ ఉత్త పుణ్యానికి నడుస్తుంది. ఇప్పుడు అడగవలసింది ఒక్కటే: మదనపల్లెలో టమోటా 23 దాటుతుందా?

దీనికి సర్వేలు అక్కర్లేదు, మార్కెట్ యార్డులో టీ తాగితే చాలు. 2023 జూలై చివర ఇదే యార్డులో మొదటి రకం కాయ కిలో 150 రూపాయలకు పైనే పలికింది. దేశమంతా మదనపల్లె పేరు వార్తల్లో మోగింది. రెండు నెలలు తిరగకముందే, సెప్టెంబరులో, కోత కూలి కూడా గిట్టదని రైతులు మొత్తుకునే స్థితి వచ్చింది. ఇలా ఎగిరిపడే సరుకుకు ఏడాది పొడుగునా 8 రూపాయలని రాయడం తప్పుడు అంచనా అనలేం, అసలది అంచనానే కాదు. రిపోర్టు రాసిన వారంలో యార్డులో ఉన్న ధర అది.

ఇక్కడ మీకు ఒక జవాబు వస్తుంది. "ధర పెరిగితే ఆపేస్తామన్నా, తగ్గినప్పుడే ఆడిస్తాం." మంచి జవాబే. మండీలో కాయ పారబోసే రోజుల్లో కొనడమే ఈ వ్యాపారానికి అసలు అర్థం. కానీ అలా అన్న మరుక్షణం 300 రోజులన్న అంకె పోయింది. ఏడాదిలో 120 రోజులే నడుస్తుందనుకుంటే, మిగతా 245 రోజులు షెడ్డు అద్దె, కాపలావాడి జీతం, అప్పు కంతు ఎక్కడి నుంచి వస్తాయి? నేర్పిన కూలీలు మళ్ళీ సీజను దాకా మీకోసం ఆగుతారా? చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఏడాదిలో కొద్ది నెలలే తోతాపురి ఆడిస్తాయి. ఆ కొద్ది నెలల సంపాదనతోనే ఏడాది ఖర్చు లాగాలన్నది వాళ్ళ లెక్కలో మొదటి వరుస. మన నమూనాలో ఆ వరుస లేదు.

మదనపల్లెలో ధర పెరిగితే కోలారులో కొంటాం అని కూడా అంటారు. కోలారు, మదనపల్లె ఒకే కొనుగోలుదారుల కోసం పోటీపడే మార్కెట్లు. ఒకచోట మండుతుంటే పక్కచోట చల్లగా ఉండటం అరుదు, ఉన్నా ఆ తేడా లారీ బాడుగకే సరిపోతుంది.

మరో నాలుగు నిమిషాలు: చివరికి తినేది ఎవరు, డబ్బు ఎప్పుడు?

'మార్కెటింగ్' అనే పేజీ తీసి, సరుకు చివరికి ఎవరి నోట్లోకి పోతుందో వేలు పెట్టి వెతకండి. డీలరు కాదు, ఏజెంటు కాదు, తినేవాడు. వాడు కనిపించకపోతే ఆ ప్లాన్‌లో ఎంత లాభం ఉన్నా వదిలేయొచ్చు.

కుప్పం నుంచి తమిళనాడు హద్దు దాటితే ఈము కథ ఇంకా చాలామందికి గుర్తుంది. ఈరోడ్ జిల్లా పెరుందురైలో సుసి ఈము ఫార్మ్స్ డిపాజిట్ కట్టినవాళ్ళకు పిల్లలిచ్చి, నెలనెలా పెంపకం డబ్బిచ్చి, పెరిగాక తామే వెనక్కి తీసుకుంటామంది. 2012 ఆగస్టులో అది కూలింది. మన రాష్ట్రంలోనూ ఆ రోజుల్లో ఈము ఫారాలు వెలిశాయి, మూతపడ్డాయి. ఆ ప్లాన్లలో మాంసం, నూనె, తోలు, ఈకలు అన్నిటికీ ధరలు రాసి ఉండేవి. కానీ ఊళ్ళో ఈము మాంసం కూర వండుకున్న ఇల్లు ఎక్కడా కనిపించేది కాదు. పిల్లల్ని కొనేది ఇంకొక కొత్త ఈము రైతే. కొనేవాడూ అమ్మడానికే కొంటున్నాడంటే, కొత్తవాళ్ళు రావడం ఆగిన రోజే ధర పోతుంది. లక్షలు పలికే పుంగనూరు దూడల ప్లాన్ చదివేటప్పుడు ఇదే ప్రశ్న అడగాలి: కొనేవాడు ఇంట్లో ముచ్చటగా పెంచుకోవడానికి కొంటున్నాడా, ఇంకొకరికి దూడ అమ్మడానికి కొంటున్నాడా?

టమోటా పొడికి తినేవాళ్ళున్నారు. సూప్ పొడులవాళ్ళు, మసాలా కంపెనీలు, చిప్స్ చేసేవాళ్ళు కొంటారు. ఈ పరీక్షలో మన నమూనా నెగ్గింది. తేడా వచ్చేది డబ్బు చేతికందే రోజులో. బెంగళూరు కంపెనీ 45 రోజుల అరువు అడుగుతుంది. సరుకు పరీక్ష చేయించి, లోడు నిండి, పంపేసరికి ఇంకో పదిహేను రోజులు. అంటే ఈ రోజు కొన్న కాయ డబ్బుగా తిరిగి రావడానికి రెండు నెలలు. ఇటు మండీలో కొత్తవాడికి అరువు పుట్టదు, కూలీలకు వారం వారం ఇవ్వాలి. అతని లెక్క ప్రకారమే రోజుకు 15,000 బయటికి పోతుంది. నడిపే పెట్టుబడి కింద ప్లాన్‌లో పెట్టింది 5 లక్షలు. భాగించి చూడండి: ముప్పై మూడో రోజుకు చేతిలో డబ్బు అయిపోతుంది. మొదటి చెక్కు రావడానికి అప్పటికి ఇంకో 27 రోజులుంది. లాభంలో ఉన్న వ్యాపారం కూడా ఇలాగే ఆగిపోతుంది. అప్పుడు నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెస్తారు. ఆ వడ్డీ ప్లాన్‌లో ఉండదు.

సబ్సిడీ గురించి ఒక్క మాట. సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమలకు 2020లో కేంద్రం తెచ్చిన పథకం కింద అర్హమైన పెట్టుబడిలో 35 శాతం, పది లక్షలకు మించకుండా, సబ్సిడీ పెట్టారు. చాలా రిపోర్టుల్లో దీన్ని మొదటి ఏడాదే చేతికొచ్చే డబ్బుగా వేసుకుంటారు. అలా రాదు. అది అప్పుకు అనుసంధానమైన సబ్సిడీ. బ్యాంకులో విడిగా ఉండి, మూడేళ్ళు యూనిట్ నడుస్తూ అప్పు సక్రమంగా కడుతుంటేనే అప్పులోకి జమవుతుంది. కాయ కొనడానికి అందులోంచి రూపాయి కూడా తీయలేరు. మన నమూనాలో మొత్తం పెట్టుబడి మీద కట్టి రాసిన సబ్సిడీ ఎనిమిది లక్షల డెబ్బై అయిదు వేలు. దాన్ని మొదటి ఏడాది రాబడిలో వేశారంటే, ఆ ఏడాది పట్టిక అంతా ఒక్క గీతతో కొట్టేయవచ్చు.

చివరి రెండు నిమిషాలు: ఒక్క వాక్యం

ఇప్పటికి మీ కాగితం మీద అయిదారు తప్పులు ఉంటాయి. అన్నీ చెప్పొద్దు. ఒక్కోదాన్ని చూసి ఇలా అడగండి: మిగతావన్నీ సరైనవే అయి, ఇది ఒక్కటే తప్పైతే ప్లాన్ చస్తుందా? డ్రైయర్ చాలకపోతే చావదు, ఇంకోటి కొంటారు. నడిపే పెట్టుబడి తక్కువైతే బ్యాంకును ఎక్కువ అడుగుతారు, లేదా చిన్నగా మొదలుపెడతారు. కాయలో నీళ్ళు మాత్రం ఎవరూ తగ్గించలేరు. కాబట్టి మీ వాక్యం ఇది: "వెయ్యి కిలోల కాయకు 100 కిలోల పొడి వస్తేనే ఈ ప్లాన్ నిజం." అంతే రాసివ్వండి.

నోటితో చెప్పేటప్పుడు తీర్పులా కాకుండా పనిలా చెప్పండి. "నీ ప్లాన్ తప్పప్పా" అంటే ఆ కుర్రవాడు ఇంకొకరి దగ్గరికి పోతాడు, "బాగుంది" అనేవాళ్ళు దొరికేదాకా పోతాడు. అలా కాకుండా, "పది కిలోల కాయ తెచ్చి, ముక్కలు కోసి, మీ అమ్మతో మిద్దె మీద ఆరబెట్టించు. గలగలలాడేదాకా ఎండనిచ్చి తూకం వేసి నాకు చెప్పు" అనండి. ప్లాన్ ప్రకారం కిలో రావాలి. తూకం అర కిలో దగ్గరే ఆగుతుంది. మహా అయితే కొన్ని రోజులూ కొద్దిపాటి డబ్బూ ఖర్చు, పాతిక లక్షల సంగతి తేలిపోతుంది. తనే తూచిన తూకంతో ఎవరూ పోట్లాడరు.

అతను ఇప్పటికే షెడ్డుకు అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే తూకం కూడా చెవికెక్కకపోవచ్చు. అప్పుడు అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు గ్యారీ క్లైన్ 2007లో 'హార్వర్డ్ బిజినెస్ రివ్యూ'లో రాసిన ఉపాయం ఒకటి పనికొస్తుంది. తప్పులేమిటని అడగకుండా, ఏడాది గడిచింది, వ్యాపారం మూతపడింది అనుకోమంటాడు ఆయన. ఎందుకు మూతపడిందో అతన్నే చెప్పమనండి. ప్లాన్‌ని సమర్థించుకునే మనిషే ఇప్పుడు కారణాలు వెతకడం మొదలుపెడతాడు. చాలాసార్లు మనకు కనిపించనివి కూడా అతనికి తెలిసే ఉంటాయి: డ్రైయర్ అమ్మినవాడు ఫోనెత్తడం లేదనో, భాగస్తుడు బావమరిది అనో.

తూకం తప్పు తేలిందంటే అతని కల పోయినట్టు కాదు. 47 కిలోలతోనే ప్లాన్ మళ్ళీ రాసుకోవచ్చు. కాయ పారబోసే నెలల్లో మాత్రమే, యార్డులో మిగిలిన రెండో మూడో రకం కాయ కొని, ఒకే చిన్న డ్రైయర్‌తో ఆడించి, మిగతా నెలల్లో అదే డ్రైయర్‌లో ఉల్లి, కరివేపాకు, మునగాకు ఆరబెడితే లెక్క వేరుగా వస్తుంది. ఉల్లి దగ్గర ఆ పొట్టు తీసే యంత్రం కూడా దాని పని అది చేసుకుంటుంది. కానీ అది ఇంకొక ప్లాన్, దానికి ఇంకో ఇరవై నిమిషాలు.

ఈ పద్ధతి ఏం చేయలేదో కూడా తెలిసి ఉండాలి. విరిగిన ప్లాన్ విరిగిందని ఇది చెబుతుంది, విరగని ప్లాన్ నడుస్తుందని చెప్పలేదు. మనిషి తెల్లవారుజామున యార్డుకు వెళ్ళి కాయ ఏరగలడా, అన్నదమ్ములు కలిసి ఉంటారా, కంపెనీవాడు సరుకు తిరగ్గొడితే తట్టుకుంటాడా అన్నవి ఏ పేజీలోనూ ఉండవు. కాబట్టి పరీక్షల్లో ప్లాన్ నెగ్గితే "ఇందులో నాకు తప్పు దొరకలేదు" అనండి, "బాగుంది" అనకండి. ఇక జామీను సంతకం అడిగితే, పది కిలోల తూకం మీ కళ్ళముందు పడేదాకా పెన్ను మూత తీయకండి.